ఆ నూనె క్యాప్షన్ గురించి అమ్మలూకి

అమ్మలూ,

నువ్వు పంపిన గానుగ నూనె రీల్ చూశాను, కింద క్యాప్షన్ కూడా చదివాను. వీడియో బాగుంది. పోపులో ఆవాలు చిటపటలాడే చోట సంగీతం ఆపేయడం మంచి పని. క్యాప్షన్ మాత్రం అలాగే పెట్టకు. ముప్పై ఏళ్లు ప్రకటనలు రాసి బతికిన పిన్నిని కదా, చెప్పకుండా ఉండలేను.

నువ్వు రాసింది ఇది: "ఈ నూనె వాసన చూడగానే అమ్మమ్మ వంటిల్లు గుర్తొచ్చింది! ఏడాదిగా మా ఇంట్లో ఇదే, గుండెకి కూడా మంచిది. మీరూ మారిపోండి." దాని కింద పది హ్యాష్‌ట్యాగులు. వాటిలో ఎనిమిదోది #collab, తొమ్మిదోది #sp. వాళ్లు నీకు రెండు డబ్బాల నూనె పంపి, పన్నెండు వేలు ఇచ్చారన్న సంగతి ఆ రెండు ముక్కల్లోనే ఉంది. చదివేవాళ్లకు అది చెప్పినట్టు కాదు, దాచినట్టే.

మన దేశంలో దీనికి రెండు చోట్ల నియమాలున్నాయి. ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న మండలి ఆస్కీ (ASCI) 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మరో మార్గదర్శిని విడుదల చేసింది. దాని వెనక 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలో నటించినా, సిఫారసు చేసినా పది లక్షల దాకా జరిమానా పడొచ్చు. టెన్షన్ పెట్టడానికి చెప్పడం లేదు, బ్రాండ్ వాళ్లతో మాట్లాడేటప్పుడు ఆధారంగా ఉంటుందని చెబుతున్నా.

డబ్బు తీసుకుంటేనే చెప్పాలనుకోకు. ఊరికే పంపిన సరుకు, డిస్కౌంటు, హోటల్లో ఉచిత బస, అమ్మకం మీద కమీషన్ ఇచ్చే కోడ్, ఆఖరికి ఆ కంపెనీ మీ బావగారిదైనా సరే, ఆ సంబంధం చెప్పాల్సిందే. నీ డబ్బుతో కొనుక్కుని, ఎవరూ అడగకుండా మెచ్చుకుంటే మాత్రం ఏ ముద్రా అక్కర్లేదు.

చెప్పడానికి వాడదగ్గ మాటలు తెలిసినవే: ప్రకటన, యాడ్, స్పాన్సర్డ్, పార్ట్‌నర్‌షిప్, కొలాబరేషన్, పెయిడ్ ప్రమోషన్. ఏ భాషలో మెచ్చుకుంటున్నావో ఆ భాషలోనే చెప్పమంటారు. నువ్వు తెలుగులో రాస్తావు కాబట్టి "ప్రకటన" అని తెలుగులోనే పెట్టు. #sp చూసి డబ్బు తీసుకున్నావని మీ అత్తగారికి తట్టదు, నీ ఫాలోవర్లలో సగం మందికీ తట్టదు.

ఎక్కడ పెట్టాలన్నది అసలు విషయం. "more" నొక్కకుండానే కనపడాలి, అంటే క్యాప్షన్ మొదటి రెండు వరసల్లోనే ఉండాలి. రీల్స్‌లో చాలాసార్లు ఒక్క వరసే కనిపిస్తుంది కాబట్టి మొదటి మాటగానే రానీ. వీడియో మీద కూడా ముద్ర ఉండాలి. పదిహేను సెకన్లలోపు వీడియోకి కనీసం మూడు సెకన్లు, పదిహేను సెకన్ల నుంచి రెండు నిమిషాల దాకా ఉన్నదానికి మూడో వంతు సేపు అంటుంది ఆస్కీ. నీది నలభై సెకన్లది, అంటే పద్నాలుగు సెకన్లు ఉంచు. నూనె డబ్బా కనిపించే చోటు నుంచే మొదలుపెట్టు. అక్షరాలు తెరకు కింది భాగంలో పెట్టకు, అక్కడ నీ పేరూ క్యాప్షనూ వచ్చి కప్పేస్తాయి. తెల్లటి పొగ మీద తెల్ల అక్షరాలూ వద్దు. ఇన్‌స్టాగ్రామ్ ఇచ్చే "Paid partnership" మీట నొక్కు, కానీ అది నొక్కాను కదా అని నీ మాట మానేయకు.

ఇప్పుడు నీ భయం దగ్గరికి వస్తాను. "ప్రకటన అని పెడితే ఎవరు నమ్ముతారు పిన్నీ?" అన్నావు. నీ క్యాప్షన్‌ని నమ్మకుండా చేసేది ఆ మాట కాదే. ఏడాదిగా వాడుతున్నానన్నావు, డబ్బాలు వచ్చింది మొన్న మంగళవారం. గుండెకి మంచిదన్నావు, దానికి నీ దగ్గర ఏ రుజువూ లేదు. మెచ్చుకునేవాళ్లు నిజంగా వాడి, నిజంగా అనుకున్నదే చెప్పాలన్నది కూడా నియమమే. ఆ రెండు వాక్యాలూ తీసేయ్. పోయేదేమీ లేదు, అవి ప్రతి నూనె సీసా మీదా ఉండే మాటలే.

వాటి బదులు నీకు మాత్రమే తెలిసింది రాయి. ఫోన్లో నాతో అన్నావు చూడు, పులిహోర పోపులో వాసన బ్రహ్మాండంగా వచ్చింది కానీ గారెలు వేస్తే మూకుడు నిండా నురగ పొంగిందని. అదే రాయి. కాస్త లోపం చెప్పిన నోటితో మెచ్చుకుంటే ఆ మెప్పు నిలబడుతుంది. నేనైతే ఇలా రాస్తాను:

"ప్రకటన: ఈ నూనె కంపెనీవాళ్లే పంపారు, వీడియోకి డబ్బూ ఇచ్చారు. వారం రోజులు వండి చూశాకే చెబుతున్నా. పులిహోర పోపుకి, పచ్చళ్లకి దీన్ని మించింది నాకు దొరకలేదు, వేరుశనగ వాసన వంటింటి గుమ్మం దాటి వచ్చింది. గారెలకు మాత్రం వాడను, నురగ పొంగుతుంది. అడుగున మడ్డి కనిపిస్తే కంగారుపడకండి, వడకట్టని నూనెకి అది మామూలే. మీ ఇంట్లో పచ్చళ్లకి ఏ నూనె వాడతారు?"

డబ్బు సంగతి మొదటి వాక్యంలోనే అయిపోయింది, ఇంకెవరూ కామెంట్లలో "ఎంత ఇచ్చారక్కా" అని పొడవక్కర్లేదు. రెండో వాక్యం ఆ డబ్బుకి నువ్వు ఏం చేశావో చెబుతోంది. ఇకపోతే "వారం రోజులు" అని నేను రాశాను కదా అని అలాగే పెట్టేయకు. వారం నిండాకే పోస్ట్ చెయ్యి, పచ్చడి కలిపి చూశాకే ఆ ముక్క ఉంచు. ప్రతిసారీ ఇదే వరసలో రాసినా విసుగొస్తుంది. ఒకసారి "ఇది స్పాన్సర్డ్ వీడియో, ఒప్పుకున్న కారణం ఒక్కటే" అని మొదలుపెట్టు, ఇంకోసారి వేరేలా. ముద్ర స్థానం మాత్రం మార్చకు.

స్టోరీలు పెడితే ప్రతి ముక్కకీ విడిగా రాయి. రెండో స్టోరీ నుంచి చూడ్డం మొదలుపెట్టినవాళ్లకు మొదటిది తెలియదు. లైవ్ చేస్తే అది నడిచినంతసేపూ తెర మీద కనపడనివ్వు.

బ్రాండ్ వాళ్ల అమ్మాయి "ట్యాగ్ పెడితే రీచ్ తగ్గుతుంది మేడమ్, ఆఖర్లో పెట్టండి" అంటుంది. నేను పనిచేసిన చోట్లా అనేవాళ్లు. ఫోన్లో వాదించకు, మెయిల్ రాయి: "నియమాల ప్రకారం క్యాప్షన్ మొదటి వరసలోనూ వీడియో మీదా ప్రకటన అని ఉంటుంది. క్యాప్షన్ ముందుగా మీకు చూపిస్తాను, నూనె గురించిన వివరాల్లో తప్పుంటే దిద్దండి. ఆరోగ్యానికి సంబంధించిన మాట ఏదైనా కావాలంటే దానికి ఆధారాలు పంపండి." సరేనంటే ఆ జవాబు దాచుకో. కుదరదంటే ఆ పన్నెండు వేలూ వదిలేయ్, నూనె డబ్బాలు వెనక్కి పంపించెయ్. బెట్టింగ్ యాప్‌ల వాళ్లు వస్తే ఇంత మాట్లాడే పనే లేదు. పైన ప్రకటన అని రాసినంత మాత్రాన చెయ్యకూడని ప్రచారం చెయ్యదగ్గది అయిపోదు.

ఇంకో చిన్న పని ఉంది. సంక్రాంతికి పెట్టిన చీరల పోస్టు, ఆ మిక్సీ రీలు, రెండూ ఊరికే వచ్చినవే కదా? వాటి క్యాప్షన్లు ఎడిట్ చేసి మొదటి వరసలో చేర్చు. కామెంట్లో పిన్ చేస్తే సరిపోదు. అవి చేసి, నూనె క్యాప్షన్ మళ్లీ రాసి శుక్రవారం లోపు పంపు. శనివారం మీ బాబాయికి కంటి ఆపరేషన్, ఇక రెండు రోజులు ఫోన్ ముట్టుకోను.

మీ పిన్ని