హెక్స్‌లో డ్రా ఎందుకు రాదు?

హెక్స్‌లో డ్రా ఎందుకు రాదు? మొదట ఆడేవాళ్లే గెలవగలరని ఎలా చెప్తారు? హెక్స్ అంటే ఆరు భుజాల గడుల బోర్డు మీద ఇద్దరు ఆడే ఆట. వంతులవారీగా ఒక్కో గడిలో తమ రంగు రాయి పెడుతూ, ఎదురెదురుగా ఉన్న తమ రెండంచుల్నీ ఆ రాళ్లతో కలిపినవాళ్లు గెలుస్తారు.

బోర్డంతా ఎరుపు, నీలం రాళ్లతో నిండిందనుకోండి. అంచులకూ వాటి రంగులున్నాయి. ఒక మూల నుంచి ఎడమవైపు ఎరుపు, కుడివైపు నీలం ఉండేలా గడుల మధ్య గీత వెంట నడవండి. ప్రతి మలుపులో కలిసేవి మూడే గడులు. ఎదురొచ్చే మూడోది ఏ రంగైనా ముందుకు దారి ఒక్కటే, వెనక్కి చుట్టి రావడం కుదరదు. చివరికి ఇంకో మూలలో తేలతాం, అప్పటికి ఒక రంగు తన రెండంచుల్నీ కలిపేసి ఉంటుంది. నాలుగేసి గడులు కలిసే చదరపు బోర్డులో ఇది సాగదు.

ఇక మొదటివాడి గెలుపు గురించి గణితవేత్త జాన్ నాష్ వాదన. రెండో ఆటగాడికి గెలుపు వ్యూహం ఉందనుకుందాం. మొదటివాడు ఎక్కడో ఒక రాయి పెట్టి, ఆపై ఆ వ్యూహాన్నే తను వాడతాడు. అది చెప్పిన గడిలో తన రాయి ముందే ఉంటే ఇంకెక్కడైనా పెడతాడు. అదనపు రాయి హెక్స్‌లో ఎప్పుడూ నష్టం చేయదు. అలా ఇద్దరూ గెలవాలి, అది అసాధ్యం. డ్రా లేదు గనుక గెలుపు వ్యూహం మొదటివాడిదే. ఆ ఎత్తులేమిటో మాత్రం ఈ వాదన చెప్పదు.