షాలోమ్ అంటే ముందు క్షేమం

ప్రశ్న: హీబ్రూలో షాలోమ్ అంటే నమస్కారమా, సెలవా, శాంతా? మూడింటికీ ఒకే మాట ఎలా సరిపోతుంది? అక్కడ ఉండి వచ్చినవాళ్ళు ఎవరైనా చెప్పగలరా?

'శాంతి' దగ్గర మొదలుపెడితే ఈ ముడి వీడదు. నేనూ అక్కడే మొదలుపెట్టి చాలాకాలం తికమకపడ్డాను. శాంతి తీసేసి ఆ చోట మన 'క్షేమం' పెట్టి చూడండి. ఇంటికి వచ్చినవారిని 'అందరూ క్షేమమేనా' అంటాం. ప్రయాణమయ్యేవారిని 'క్షేమంగా వెళ్ళి లాభంగా రా' అంటాం. ఊరంతా, లోకమంతా బాగుండాలన్నప్పుడు 'లోకక్షేమం' అంటాం. రాకకూ, పోకకూ, లోకానికీ ఒకే మాట వాడుతున్నా మనకు అది వింతగా తోచదు. షాలోమ్ కూడా అలాంటిదే. కాకపోతే వాళ్ళు చుట్టూ ఉన్న మిగతా వాక్యాన్ని వదిలేసి ఆ ఒక్క ముక్కనే పలుకుతారు.

ఇజ్రాయెల్‌లోని రామత్ గన్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో ఆరేళ్ళు కేర్‌గివర్‌గా పనిచేశాను. ఆవిడను 'సవ్తా' అని పిలిచేదాన్ని, అంటే అమ్మమ్మ. చర్చికి వెళ్ళే కుటుంబం కాబట్టి షాలోమ్ నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన మాటే. తెలుగు బైబిల్లో దీనికి ఎక్కువగా 'సమాధానము' అని ఉంటుంది. బడిలో సమాధానం అంటే ప్రశ్నకు జవాబు. ఆ గందరగోళంతోనే విమానం దిగాను.

కళ్ళు తెరిపించింది కిరాణా దుకాణం. పాలు, రొట్టె, సవ్తాకు ఇష్టమైన పుల్లటి జున్ను తీసుకుని బల్ల మీద పెడితే, డబ్బులు తీసుకునే అమ్మాయి 'ఎఖ్ తెషల్మీ?' అంది. నాకు అందులో షాలోమ్ లాంటిదేదో వినిపించింది. పలకరించిందనుకుని నవ్వుతూ 'షాలోమ్' అన్నాను. ఆ అమ్మాయి చేతిలోని కార్డు యంత్రాన్ని నా ముందుకు జరిపి మళ్ళీ అదే అడిగింది. వెనక వరుసలో ఉన్న పెద్దాయన విసుగ్గా గొంతు సవరించుకున్నాడు. తీరా ఆమె అడిగింది, డబ్బు ఎలా చెల్లిస్తావు, నోట్లా, కార్డా అని.

ఇంటికొచ్చి చెబితే సవ్తా కాసేపు నవ్వి, కాగితం మీద మూడు అక్షరాలు రాసింది: షిన్, లామెద్, మేమ్. హీబ్రూలో చాలా మాటలు ఇలా మూడు హల్లుల ధాతువు మీద నిలబడతాయి. వాటి మధ్య అచ్చులు మారుతూ, ముందూ వెనకా అక్షరాలు చేరుతూ కొత్త మాటలు పుడతాయి. ఈ ష-ల-మ ధాతువుకు అర్థం లోటు లేకుండా నిండుగా ఉండటం. 'షాలేమ్' అంటే పూర్తిగా ఉన్నది, ముక్క విరగనిది. 'లెషలేమ్' అంటే చెల్లించడం, అంటే ఎదుటివాడికి ఏర్పడిన లోటును పూడ్చడం. బైబిల్లోని నిర్గమకాండం 21వ అధ్యాయంలో ఒక న్యాయం ఉంది. పొడిచే ఎద్దని తెలిసీ యజమాని దాన్ని కట్టడి చేయక, అది పక్కవాడి ఎద్దును చంపితే, అతడు ఎద్దుకు ఎద్దు ఇచ్చుకోవాలి. అక్కడ వాడిన క్రియ ఇదే. నా దుకాణపు అమ్మాయి నోట ఉన్నదీ ఇదే.

ఆ తరువాత ఆ మూడు అక్షరాలు నాకు అంతటా వినిపించసాగాయి. సవ్తా ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడ్డానికి వచ్చిన ప్రతివారూ వెళ్తూ వెళ్తూ 'రెఫువా ష్లేమా' అనేవారు. సంపూర్ణంగా కోలుకోవాలని. ఒంటికి నిండుదనం వస్తే అది స్వస్థత, బాకీ నిండితే చెల్లింపు, రెండు దేశాల మధ్య లోటు లేకపోతే శాంతి. యుద్ధానికి ఎదురుగా నిలిచే శాంతి కూడా ఈ మాటకు పాత అర్థమే. ప్రసంగి 3:8లో యుద్ధానికొక కాలం, షాలోమ్‌కొక కాలం అని పక్కపక్కనే ఉన్నాయి. అయితే ఈ మాటలో ఉన్నది ఆ ఒక్క అర్థమే కాదు.

దీనికి నాకు దొరికిన గట్టి రుజువు 2 సమూయేలు 11:7. రణరంగం నుంచి వచ్చిన తన సైనికుడు ఊరియాను దావీదు రాజు మూడు సంగతులు అడుగుతాడు: సేనాధిపతి యోవాబు షాలోమ్ ఏమిటి, జనం షాలోమ్ ఏమిటి, యుద్ధం షాలోమ్ ఏమిటి. మూలంలో అక్షరాలా అలాగే ఉంది, 'లిష్లోమ్ హమిల్ఖామా' అని. శాంతి అని తీసుకుంటే 'యుద్ధపు శాంతి' అని అర్థం లేని మాట అవుతుంది. ఎలా సాగుతోంది, అంతా సవ్యంగానే ఉందా అని తీసుకుంటే ఏ ఇబ్బందీ లేదు. (అందరి క్షేమమూ అడిగిన ఆ రాజు తరువాత ఊరియా చావుకు ఏర్పాటు రాసిన ఉత్తరాన్ని అతని చేతికే ఇచ్చి పంపాడు. మర్యాదకూ మనసుకూ సంబంధం ఉండాలని లేదు.) ఈనాటికీ 'ఎలా ఉన్నారు' అనడానికి మగవారిని 'మా ష్లోమ్ఖా', ఆడవారిని 'మా ష్లోమేఖ్' అంటారు. నీ షాలోమ్ ఏమిటి అని. హీబ్రూలో 'మీరు' అనే గౌరవవాచకం లేదు. ఎనభై దాటిన సవ్తాను 'నువ్వు' అనడానికి నాకు నెలలు పట్టింది.

వీడ్కోలు దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది, దాన్ని నేను తొక్కాను. సవ్తా కొడుకు ప్రయాణమవుతుంటే, నేర్చుకున్న భాష చూపించుకుందామని 'లేఖ్ బెషాలోమ్' అన్నాను. క్షేమంతో వెళ్ళు అని నా ఉద్దేశం. సవ్తా చేతిలోని టీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టింది. 'బె' కాదు, 'లె' అనాలి, 'లేఖ్ లెషాలోమ్' అని దిద్దింది. యూదుల ప్రాచీన ధర్మగ్రంథమైన తల్మూదులో, బెరఖోత్ అనే భాగం 64వ పత్రంలో ఈ నియమం ఉంది. బతికున్నవారికి 'లెషాలోమ్', అంటే క్షేమం వైపుగా వెళ్ళమని. చనిపోయినవారికి 'బెషాలోమ్', అంటే క్షేమంలో వెళ్ళమని. అక్కడే ఉదాహరణలూ ఉన్నాయి: మామ యిత్రో మోషేను 'లెషాలోమ్' అని పంపితే అతడు పైకి వచ్చాడు, దావీదు తన కొడుకు అబ్షాలోమును 'బెషాలోమ్' అని పంపితే అతడు చెట్టుకు వేలాడి చచ్చాడు. బతికున్నవాడి నిండుదనం ఇంకా ముందు ఉందని, పోయినవాడిది ముగిసిందని ఆవిడ వివరణ. ఇది అందరూ పట్టించుకునే నియమం కాదు. నేటి యువకులకు చెబితే భుజాలెగరేస్తారు. మనకు పెద్దవాళ్ళు 'వెళ్తాను' అనకూడదు, 'వెళ్ళొస్తాను' అనాలి అని నేర్పినట్టే ఉంది కదా అని నాకనిపించింది. ఆ మాట ఆవిడకు చెబితే, రెండు మూడు సార్లు 'వెళ్ళొస్తాను' అని పలకడానికి ప్రయత్నించి వదిలేసింది.

ఇక వీధి సంగతి. వచ్చేటప్పుడు షాలోమ్ ఎక్కడైనా చెల్లుతుంది, ఫోనెత్తినప్పుడూ అంతే. వెళ్ళేటప్పుడు మాత్రం దగ్గరివాళ్ళు దాన్ని తక్కువగా వాడతారు. 'లెహిత్రఓత్' అంటారు, మళ్ళీ కలుద్దామని, లేదంటే 'యల్లా బై'. వీడ్కోలుగా ఒట్టి షాలోమ్ కాస్త బిగుసుకున్నట్టు, దూరంగా వినిపిస్తుంది. పీడ విరగడైందని చెప్పడానికి వాళ్ళకొక నానుడే ఉంది, 'షాలోమ్ వెలో లెహిత్రఓత్' అని. సెలవు, మళ్ళీ కలవొద్దు అని దాని భావం. మూడుసార్లు వచ్చినా కుళాయి కారడం ఆపలేకపోయిన మనిషి మెట్లు దిగుతుండగా సవ్తా తలుపు మూసి ఈ మాటే అంది. అతను మాత్రం కింద నుంచి మర్యాదగా 'షబ్బాత్ షాలోమ్' అని, అంటే విశ్రాంతి దినం క్షేమంగా గడవాలని, కేకేశాడు. ఆ రోజు శుక్రవారం.