రెస్‌నెట్ బొమ్మలో చుక్కల బాణం

రెస్‌నెట్-34 అనే న్యూరల్ నెట్‌వర్క్ బొమ్మలో కొన్ని వంపు బాణాలు నిండు గీతతో, కొన్ని చుక్కలతో ఉన్నాయి. తేడా ఏంటి?

బాణం రెండు కొసల దగ్గరా టెన్సర్ షేపు ఎంతో రాసుకోండి, వెంటనే తెలిసిపోతుంది. ఈ వంపు బాణమే స్కిప్ కనెక్షన్, అంటే మధ్య లేయర్లను దాటి వెళ్లే పక్కదారి. దాని చివర జరిగేది కూడిక. షేపులు అచ్చంగా ఒకటైతేనే అది కుదురుతుంది. 56×56×64 లోపలికెళ్లి అదే షేపుతో బయటికొస్తే నిండు గీత. ఇన్‌పుట్ ఉన్నదున్నట్టు వచ్చి కలుస్తుంది.

`3x3 conv, 128, /2` అన్న డబ్బా దగ్గర ఆగి చూడండి. 128 ఫిల్టర్ల సంఖ్య, /2 స్ట్రైడ్. అక్కడ అవుట్‌పుట్ 28×28×128 అయిపోయింది, పక్కదారిలో మాత్రం ఇంకా 56×56×64 ఉంది. అందుకే చుక్కలు: ఆ దారిలోనూ సాధారణంగా స్ట్రైడ్ 2తో 1×1 కన్వల్యూషన్ పెట్టి షేపు సరిచేస్తారు. కోడ్‌లో ఇది మర్చిపోతే సరిగ్గా కూడిక దగ్గరే ఎర్రర్ వస్తుంది.

యూ-నెట్ అనే మరో నెట్‌వర్క్ బొమ్మలోని బాణాలను ఇలా చదవకండి. అక్కడ కూడిక లేదు, ఛానెళ్లను పక్కపక్కన చేరుస్తారు: 64, 64 కలిసి 128.