ఖమీస్ వేరు, ఖామిస్ వేరు

"వచ్చే నెల డ్రైవర్ వీసా మీద కువైట్ వెళ్తున్నా. అరబిక్‌లో టైమ్, వారాలు, నెలలు చెప్పాలంటే వాహిద్, ఇత్నేన్, తలాతా అని అంకెలు వస్తే చాలదా? ఐదోది, ఆరోది అనే మాటలు వేరేగా నేర్చుకోవాలా?"

మాట్లాడ్డానికి చాలు బ్రదర్, చదవడానికి మాత్రం చాలదు. నేను ఒక ఇంట్లో డ్రైవర్‌గా ఉన్నప్పుడు మొదటి రెండేళ్లు అంకెలతోనే నెట్టుకొచ్చా. ఐదు గంటలకి రా అంటే "సాఆ ఖమ్సా", మార్చి అంటే "షహర్ తలాతా", అంటే మూడో నెల అన్నమాట, నెలల పేర్లు కూడా అక్కర్లేదు అక్కడ.

2018 మార్చిలో దెబ్బ తగిలింది. మార్చి 3 శనివారం, మా మేడమ్ వాళ్ల అమ్మ, మేం మామా కబీరా అనేవాళ్లం, ఆమె ఆసుపత్రి చీటీ నా చేతికిచ్చి "రోజు చూసి నువ్వే తీసుకుపో" అంది, అప్పటికి అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చింది నాకు. చీటీలో ఖ, మ, స కనపడ్డాయి, ఓహో అల్ ఖమీస్, గురువారం అనుకున్నా, కింద సాయంత్రం ఐదు అని కూడా అర్థమైంది. 8వ తేదీ గురువారం టంచన్‌గా తీసుకుపోతే కౌంటర్లో అమ్మాయి చీటీ తిప్పి చూపించింది, "అల్ ఖామిస్ మిన్ మారిస్", మార్చి ఐదో తేదీ అని! అది సోమవారం, అయిపోయి మూడు రోజులైంది. మోకాళ్ల నొప్పితో వచ్చిన పెద్దామె ఒక్క మాట అనకుండా వెనక్కి వచ్చి కారెక్కింది, ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

అసలు సంగతి ఏంటంటే ఖమ్సా అనే ఒక్క ఐదులోంచే మూడు మాటలు పుట్టాయి. ఖమీస్ అంటే గురువారం, వాళ్లకి ఆదివారంతో లెక్క మొదలు కాబట్టి ఐదో రోజు. ఖామిస్ అంటే ఐదోది, తేదీకి వాడతారు. ఖామిసా అంటే కూడా ఐదోదే, కానీ గంటకి వాడతారు, ఎందుకంటే సాఆ అనేది ఆడ మాట, దానికి తగ్గట్టు చివర ఆ చేరుతుంది, రోజు మగ మాట కాబట్టి తేదీకి చేరదు. రాతలో గుర్తుపట్టడం ఎలాగంటే, ఖ తర్వాత నిలువు గీత, అంటే అలిఫ్, ఉంటే ఐదోది, అలిఫ్ లేకుండా చివరి స ముందు కింద రెండు చుక్కలుంటే గురువారం. వెనకాల "మిన్" అని వచ్చి నెల పేరు ఉంటే అది తేదీనే.

తమాషా ఏంటంటే మూడు నుంచి పది దాకా ఈ సాగదీత అన్నింటికీ అదే. తలాతా నుంచి తాలిత్, అర్బఆ నుంచి రాబిఅ, సబ్ఆ నుంచి సాబిఅ, మొదటి అక్షరం పక్కన ఆ దీర్ఘం, రెండో అక్షరానికి ఇ. సిత్తా మాత్రం సాదిస్ అయిపోతుంది, అది బట్టీ పట్టాల్సిందే. ఇంకోటి, ఒంటి గంటని మొదటి గంట అనరు, అల్ వాహిదా అనే అంటారు, రెండు నుంచే ఈ పద్ధతి, అత్తానియా, అత్తాలితా అలాగ. మన బజార్లో దొరికే ముప్పై రోజుల్లో అరబిక్ పుస్తకాలు కొన్ని చూశా, ఈ ఖమీస్, ఖామిస్ తేడా ఒక్కదాంట్లోనూ చెప్పలేదు, అన్నింటికీ ఒకే వరసలో అంకెలు అచ్చేసి డబ్బులు తీసుకుంటారు, నాకు దాని మీద నిజంగా కోపం.

మాటల్లో కూడా ఒకచోట జాగ్రత్త. "అర్బఆ ఇల్లా రుబ్అ" అంటే మనం అనే పావుతక్కువ నాలుగే, ఇల్లా అంటే తక్కువ, అది మనకి సులువుగా ఎక్కుతుంది. కానీ వాళ్లు గంటని మూడు భాగాలు కూడా చేస్తారు, మనకి ఆ అలవాటు లేదు. "ఖమ్సా ఇల్లా తుల్త్" అంటే ఇరవై తక్కువ ఐదు, నాలుగూ నలభై. ఆ తుల్త్‌ని తలాతా అనుకుంటే మూడు నిమిషాలే తక్కువని లెక్కేసుకుని స్కూల్ గేటు దగ్గరికి పావుగంట పైనే లేటుగా పోతావు.

ఇంట్లో సిరియా, లెబనాన్ వాళ్లుంటే నెలల్లో కూడా మొదటిది, రెండోది వస్తాయి. తిష్రీన్ అవ్వల్ అక్టోబర్, తిష్రీన్ తానీ నవంబర్, కానూన్ అవ్వల్ డిసెంబర్, కానూన్ తానీ అంటే రెండో కానూన్, అది జనవరి. రెండోది అన్నారు కదా అని ఫిబ్రవరి అనుకోకు.

మామా కబీరాకి మళ్లీ దొరికింది మార్చి 19, సోమవారం. కొత్త చీటీ నా చేతికిచ్చి ఈసారి పైకి చదవమంది. "అత్తాసిఅ అషర్ మిన్ మారిస్" అని చదివా, ఏ వారం అనడిగింది, అల్ ఇత్నేన్ అన్నా. అప్పుడు చీటీ తీసుకుని బ్యాగులో పెట్టుకుంది.