క్యూబ్ మడత తప్పితే పిల్లవాడి బుర్రలో లోపం ఉన్నట్టా?

"సార్, మాది తాడిపత్రి. బండల పాలిష్ యూనిట్ నడుపుతున్నాను. మా వాడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. యూసీడ్ రాసి డిజైన్ చేస్తానంటున్నాడు. మాక్ టెస్టుల్లో నెట్‌ను, అంటే క్యూబ్‌ను విప్పి పరిచిన ఆరు గడుల బొమ్మను, మడిచి క్యూబ్ గుర్తుపట్టే ప్రశ్నలు సగం తప్పులే. ఒకచోట ఆప్టిట్యూడ్ టెస్టు చేయిస్తే 'స్పేషియల్ ఎబిలిటీ తక్కువ' అని రిపోర్టు ఇచ్చారు. డిజైన్ మాన్పించి ఇంజనీరింగ్‌లో వేయాలా? రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి."

మీ వాడికి సగం తప్పుపోతున్నాయని రాశారు. తప్పు పోయినప్పుడు వాడు ఏ ఆప్షన్ పెట్టాడో మాత్రం రాయలేదు. నాకు కావాల్సింది అదే. ఈ ప్రశ్నల్లో తప్పు అన్నది ఒక్కటి కాదు, మూడు రకాలుంటాయి: ఎదురు ముఖాలను పక్కపక్కన చూడటం, అద్దం బొమ్మ పెట్టడం, ముఖం మీది గుర్తు ఎటు చూస్తోందో తప్పడం. ఒక్కోదానికి కారణం వేరు, మందు వేరు. మీ చేతిలో ఉన్న రిపోర్టు ఆ మూడింటినీ కలిపి ఒక మార్కు వేసి, పక్కన 'తక్కువ' అని రాసింది. అంతకు మించి అది మీ వాడి గురించి ఏమీ చెప్పలేదు.

పోయిన ఏడాది ఉరవకొండ వైపు నుంచి ఒక అమ్మాయి వాళ్ళ నాన్నతో వచ్చింది. ఇదే బాధ. ఇరవై ప్రశ్నలిస్తే ఎనిమిది తప్పు చేసింది. వాటిలో ఏడింటిలో ఆమె పెట్టింది సరైన క్యూబ్‌కు అద్దంలో కనిపించే బొమ్మ. ఊరికే గుడ్డిగా పెట్టే పిల్లలు అలా వరుసగా అద్దం బొమ్మనే పట్టుకోలేరు. గళ్ళ నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి, స్కెచ్ పెన్‌తో ఆరు గడుల్లో అంకెలు వేసి, కత్తిరించి ఇచ్చాను. "మడువమ్మా" అన్నాను. కాగితాన్ని బల్ల మీద పెట్టి, నాలుగు పక్కలనూ తన వైపుకు పైకి లేపింది. పెట్టె తయారైంది. అంకెలన్నీ లోపలికి పోయాయి! బయట అంతా తెల్లకాగితమే. "ఇట్లానే గదా సార్ మడిచేది?" అని అడిగింది. రెండేళ్ళుగా మనసులోనూ అలాగే మడుస్తోందన్నమాట. బల్ల మీద ఉన్న కాగితాన్ని మన వైపుకు లేపడమే చేతికి అలవాటు. పరీక్షలో మాత్రం గీసిన ముఖం బయటికి రావాలి, అంటే మడత మన నుంచి అవతలికి పోవాలి. లోపలికి మడిస్తే ప్రతిసారీ అద్దం బొమ్మే వస్తుంది.

మీ పనిలోనే చూడండి. స్తంభానికి బండలు తాపడం చేసేటప్పుడు పాలిష్ పట్టిన ముఖాన్ని గోడ వైపు పెట్టేస్తే మేస్త్రీని "నీకు బుర్ర లేదు" అంటారా, "తిప్పి పెట్టు" అంటారా? ఆ అమ్మాయికి నేను చెప్పింది కూడా ఆ ఒక్క మాటే. మీ వాడికి ఉన్నదీ ఇదే కావచ్చు.

ఇక లెక్కలోకి వెళ్దాం. మీ వాడికి ఎదురెదురు ముఖాల సూత్రం వచ్చే ఉంటుంది కాబట్టి దాన్ని వివరించను. తర్వాతి మెట్టు దగ్గరే చాలామంది ఆగిపోతారు.

కాగితం మీద నిలువుగా నాలుగు గడులు గీయండి. పైనుంచి కిందికి 1, 2, 3, 4 వేయండి. 2కు ఎడమ పక్క ఒక గడి గీసి 5 వేయండి, కుడి పక్క ఇంకొకటి గీసి 6 వేయండి. సిలువ ఆకారం వస్తుంది. 1కి ఎదురు 3, 2కు ఎదురు 4, 5కు ఎదురు 6. ఇప్పుడు నాలుగు ఆప్షన్లు. మొదటి దాంట్లో పైన 1, ముందు 2, కుడి పక్క 3. ఎదురెదురు ముఖాలు ఒకేసారి కనిపించవు కాబట్టి అది పోయింది. రెండో దాంట్లో 5, 6 రెండూ ఉన్నాయి, అదీ పోయింది. మూడో దాంట్లో పైన 6, ముందు 1, కుడి పక్క 2. నాలుగో దాంట్లో పైన 6, ముందు 2, కుడి పక్క 1. ఈ రెండూ ఒకదానికొకటి అద్దం బొమ్మలు. ఎదురు ముఖాల సూత్రం ఇక్కడితో చేతులెత్తేస్తుంది. ఇక్కడ సగం మంది ఏదో ఒకటి పెట్టేసి వెళ్ళిపోతారు. "సగం తప్పులు" అనే లెక్క ఎక్కువగా ఇక్కడే పుడుతుంది.

నెట్‌లో 1, 2, 6 కలిసే మూల మీద వేలు పెట్టమనండి. అది 2వ గడికి పై కుడి మూల. ఆ చుక్క చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపుకు పోతే 1 తర్వాత 6, ఆ తర్వాత 2, మళ్ళీ 1. బయటికి మడిచినంత కాలం ఈ వరుస మారదు. ఇక క్యూబ్ బొమ్మలో మూడు ముఖాలు కలిసే చుక్క చూడండి. అక్కడ ముల్లు తిరిగే వైపంటే పై ముఖం, కుడి ముఖం, ముందు ముఖం. మూడో ఆప్షన్‌లో ఆ వరుస 6, 2, 1. 1 నుంచి మొదలుపెట్టి చదివితే 1, 6, 2. నెట్‌తో సరిపోయింది. నాలుగో ఆప్షన్‌లో 6, 1, 2. అంటే 1, 2, 6. తిరగబడింది, కాబట్టి తప్పు. ఇక్కడ మనసులో ఏదీ మడవలేదు, వేలితో చదివాం, అంతే.

మరి క్యూబ్ మీద 1, 6, 4 కనిపిస్తే? నెట్‌లో 4 ఎక్కడో అడుగున ఉంది, ఆ మూడూ ఒక మూల దగ్గర కలవవు. పిల్లలు బెదిరిపోయేది ఇక్కడే. 4కు ఎదురు 2 కాబట్టి మనకు తెలిసిన 1, 6, 2 వరుసలో 2 తీసి 4 పెట్టండి. ఒక ముఖాన్ని దాని ఎదురు ముఖంతో మార్చిన ప్రతిసారీ తిరిగే వైపు మారుతుంది. కాబట్టి ముల్లు వైపు వరుస 1, 4, 6. రెండు ముఖాలు మారిస్తే రెండుసార్లు తిరగబడి మొదటికే వస్తుంది. 3, 6, 4 కలిసే మూల చూస్తే, 1 స్థానంలో 3, 2 స్థానంలో 4 వచ్చాయి, వరుస 3, 6, 4గానే ఉంటుంది. నమ్మకం కుదరకపోతే కాగితం మడిచి ఆ మూలను మీ వైపుకు తిప్పి చూడండి.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. గడుల్లో బాణాలో, అక్షరాలో, ఒక పక్క నల్లరంగు వేసిన త్రికోణాలో ఉంటే ముఖాల వరుస సరిపోయినా జవాబు తప్పు కావచ్చు, ఎందుకంటే గుర్తు ఎటు చూస్తోందో కూడా సరిపోవాలి. మన నెట్‌లో 6వ గడిలో పైకి చూసే బాణం ఉందనుకోండి. మడిచాక 6 పై అంచు 1కి అతుక్కుంటుంది. కాబట్టి 'పైకి' అనే మాట మరచిపోయి, బాణం 1 వైపు చూస్తోందని రాసుకోవాలి. మూడో ఆప్షన్‌లో 6 పైన, 1 ముందు ఉన్నాయి కదా, బాణం మన వైపున్న అంచుకే తిరిగి ఉండాలి. కుడివైపుకు, అంటే 2 వైపుకు తిరిగి ఉంటే ఆ క్యూబ్ తప్పు. డిజైన్ పరీక్షల్లో ఈ తప్పు వల్ల కూడా దెబ్బ తింటారు. దీన్ని కూర్చుని నేర్చుకోవాల్సిందే, ఓ పది రోజులు పడుతుంది. యూసీడ్‌లో ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నలూ ఉంటాయి, జవాబు అంకెగా టైపు చేయాల్సినవీ ఉంటాయి. అక్కడ మూడింటిని కొట్టేసి మిగిలింది పెట్టే ఉపాయం పనికిరాదు, ప్రతి క్యూబ్‌నూ విడిగా తేల్చాలి. క్యూబ్‌గా మడవగలిగే నెట్‌లు మొత్తం 11 అని, వాటిని బట్టీ పట్టమని కొందరు చెబుతుంటారు. ఆరు గడుల ఆకారం క్యూబ్ అవుతుందా లేదా అన్నదానికి అది పనికొస్తుంది గానీ మీ వాడి ఇబ్బందికి దాంతో సంబంధం లేదు.

ఇప్పుడు మీతో ఒక మాట. రిపోర్టు చదివి, వాడి ఎదురుగానే "నీకు ఆ తెలివి లేదంట" అన్నారా? మీ వైపు నుంచి వచ్చిన తండ్రులు ముగ్గురు నలుగురు అలాగే అన్నారు కాబట్టి అడుగుతున్నాను. అని ఉంటే చాలా తప్పు చేశారు. ఆ మాట విన్న పిల్లవాడు మరుసటి రోజు నుంచి క్యూబ్ ప్రశ్న కనిపించగానే పేజీ తిప్పేస్తాడు. అలా వదిలేసిన ప్రశ్నలు రేపు ఇంకో రిపోర్టులో 'తక్కువ' గానే కనిపిస్తాయి. బొమ్మలు మడిచి తిప్పి చూసే నేర్పు అభ్యాసంతో పెరుగుతుంది, అది పుట్టుకతో గీసిన గీత కాదు. ఒక్క మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి తీసిన కాగితాన్ని పట్టుకుని పదిహేడేళ్ళ బిడ్డ దారి మార్చేస్తారా? ఇంజనీరింగ్ అయినా మొదటి ఏడాది డ్రాయింగ్ క్లాసులో ఘనాలను విప్పి గీయమంటారు. అక్కడికి పంపితే ఈ బెడద తప్పుతుందనుకోవడం పొరపాటు.

అయితే డిజైన్ గురించి నా అనుమానాలు నాకున్నాయి, దాచను. ఈ రెండు మూడేళ్ళలో డిజైన్ అనే మాట మోజైపోయింది. యూసీడ్‌ను ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది, ఆ ర్యాంకుతో ఐఐటీ హైదరాబాద్‌లోనూ బీడిజైన్ సీటు వస్తుంది. మంచి చదువే. కానీ ఐఐటీల్లో ఆ సీట్లు కొన్ని వందలే. అవి రానివాళ్ళు బెంగళూరులో ఏటా లక్షల ఫీజు కట్టి ప్రైవేటు కాలేజీల్లో చేరుతున్నారు. మన అనంతపురానికి బెంగళూరు దగ్గర కాబట్టి బస్సెక్కించేస్తున్నారు. అక్కడ ఏం నేర్పుతారో, బయటికి వచ్చిన పిల్లలు ఎక్కడ పని చేస్తున్నారో ఎంతమంది విచారించారు? నా దగ్గరకు వచ్చినవాళ్ళలో చాలామంది విచారించలేదు. మీ వాడికి ఈ చదువు సరిపోతుందా అని తేల్చుకోవాలంటే క్యూబ్‌ను చూడకండి. యూసీడ్‌లో 300 మార్కులకు 100 మార్కులు చేత్తో గీసే భాగానివి. ఎవరూ చెప్పకుండా వాడు గీస్తాడా? యూనిట్‌కు వచ్చినప్పుడు ముక్కలైన బండలతో ఏదైనా అమర్చి చూస్తాడా? ఏదైనా వస్తువు ఎందుకు వాడటానికి వీలుగా లేదో మీతో వాదిస్తాడా? ఇవి ఉంటే రాయనివ్వండి. ఇవేవీ లేక, ఫిజిక్స్ తప్పించుకోవడానికి డిజైన్ అంటుంటే, అప్పుడు ఇంజనీరింగ్ మాట మాట్లాడుకుందాం. మీరు అడిగిన పోలిక ఇంతకంటే ఎక్కువగా ఇప్పుడు చేయలేను, ఎందుకంటే అది మీ వాడిని బట్టి ఉంటుంది.

ఇంజనీరింగ్ కోసం ఈఏపీసెట్ ఫారం కూడా నింపి పెట్టండి, ఒకటి రాస్తే ఇంకోటి మానాలని లేదు.

వీలైన ఆదివారం వాణ్ణి తీసుకుని రండి. ఆ రిపోర్టు అవసరం లేదు. తప్పు పోయిన మాక్ పేపర్లు తెండి. వాడు పెన్సిల్‌తో గీసుకున్న గీతలు, టిక్కులు చెరపకుండా తెండి. గళ్ళ కాగితం, కత్తెర నా బల్ల మీద ఉంటాయి.