పగిలిన కుట్టుమిషన్‌కు కొరియర్ కంపెనీ ఎంత ఇవ్వాలి?

లాయర్ గారూ, హైదరాబాద్‌లో పనిచేసి అనంతపురం తిరిగొచ్చేశాను. ఇంట్లో కుట్టుపని చేసుకుని బతుకుతున్నాను. నా మోటారు కుట్టుమిషన్‌ను జనవరి 12న అక్కడి కొరియర్ ఆఫీసులో బుక్ చేశాను. కిరాయి 1,400, ప్యాకింగ్‌కి 350 తీసుకున్నారు. రసీదులో విలువ 24,000 అని రాశారు. ఇక్కడ డెలివరీ అయ్యాక విప్పి చూస్తే మిషన్ హెడ్ పగిలి ఉంది. అప్పటికే 'బాగా అందింది' అన్న కాగితం మీద సంతకం పెట్టాను. అదే సాయంత్రం వాట్సాప్‌లో ఫొటోలు పంపాను. ఐదు నెలలు తిప్పి, రసీదు వెనకాల ఉన్న నిబంధన ప్రకారం 2,000 మాత్రమే ఇస్తామంటున్నారు. నేనేం చేయాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

అమ్మా, ముందు తారీఖు చూడండి. రోడ్డు మీద సరుకు రవాణాకు 2007లో వచ్చిన చట్టం ఉంది. ఇంటింటికీ సరుకు చేరవేసే కొరియర్ సంస్థలు కూడా దాని కిందికే వస్తాయి. సరుకు పాడైందని కేసు వేయాలంటే, అంతకు ముందే కంపెనీకి లిఖితపూర్వకంగా నోటీసు అందాలని అందులో షరతు ఉంది. గడువు 180 రోజులు. దాన్ని డెలివరీ రోజు నుంచి కాదు, బుక్ చేసిన రోజు నుంచి లెక్కపెడతారు. మీకది జూలై రెండో వారంలో ముగుస్తుంది. 'చూస్తున్నాం మేడమ్, హెడ్ ఆఫీసుకి పంపాం' అని వాళ్లు చెబుతూ పోయినా ఆ గడువు ఆగదు. మీ వాట్సాప్ మెసేజ్ కూడా నోటీసేనని వాదించవచ్చు గానీ, ఆ వాదన దాకా తెచ్చుకోవద్దు. ఈ వారంలోనే నోటీసు రాసి కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకి, హైదరాబాద్ బుకింగ్ ఆఫీసుకి, అనంతపురం బ్రాంచికి స్పీడ్ పోస్టులో పంపండి. చేరినట్టు రుజువు దాచుకోండి.

ఇక సంతకం సంగతి. దాని గురించి మీకు టెన్షన్ ఉన్నట్టుంది. డెలివరీ బాయ్ గుమ్మంలో నిలబడి కాగితం మీద సంతకం పెట్టించుకుంటాడు, పెట్టె విప్పేదాకా ఎవరూ ఆగరు. ఆ సంతకం పెట్టె అందిందని చెబుతుంది గానీ లోపలి ఇనుము సంగతి చెప్పదు. దాన్ని ఎదుర్కోవడానికి అదే సాయంత్రం మీరు పంపిన ఫొటోలు చాలా గట్టి రుజువు. ఆ ఫోన్ మార్చకండి, ఆ చాట్ చెరపకండి. ఫొటోల ప్రింట్లతో పాటు అసలు ఫైళ్లూ ఉండాలి.

అట్టపెట్టె ఉందా? ఉంటే పారేయకండి. ధర్మవరం నుంచి నా దగ్గరకు వచ్చిన ఒకాయన పెట్టెను పాత సామాన్లవాడికి వేసేశాడు. నలిగిన మూల ఏదో చూపించలేక, 'ప్యాకింగ్ మీదే, తప్పు మీదే' అన్న కంపెనీ మాటకు జవాబు లేకుండా పోయింది. మీ విషయంలో ఆ మాట చెల్లదు. ప్యాకింగ్‌కు 350 తీసుకుని కట్టింది వాళ్లే కాబట్టి, రసీదులోని ఆ ఒక్క లైను మీకు చాలా ఉపయోగం.

తర్వాత పాతూరులోనో ఇంకెక్కడో నమ్మకమైన మిషన్ మెకానిక్‌ను పిలిచి హెడ్ చూపించండి. పోత ఇనుము కొత్తగా విరిగితే విరిగిన చోట గరుకుగా, బూడిదరంగులో మెరుస్తుంది. పాత పగులైతే లోపల నూనె మురికి, తుప్పు పట్టి నల్లబడి ఉంటుంది. ఐదు నెలల్లో ఆ మెరుపు తగ్గి ఉండొచ్చు, అందుకే మొదటిరోజు ఫొటోలో పగులును పెద్దదిగా చూపించి ఆయన చేత రాయించుకోండి: ఎక్కడ పగిలింది, దెబ్బ తగిలి పగిలిందా, వెల్డింగ్‌తో బాగవుతుందా, కొత్త హెడ్ ఎంత. కింద ఆయన సంతకం, తేదీ, షాపు ముద్ర ఉండాలి. కంపెనీ నిర్లక్ష్యం వల్లే పగిలిందని నిరూపించాల్సిన భారం ఆ చట్టం మీ మీద పెట్టలేదు. సరుకు బాగా ఇచ్చారని, పాడై అందిందని చూపిస్తే చాలు.

ఇప్పుడు ఎంత అడగాలి? మెకానిక్ కొత్త హెడ్ 17,000 అని రాశాడనుకుందాం. మోటారు, స్టాండు బాగున్నాయి కాబట్టి మొత్తం 24,000 అడగకండి. మిషన్ వాడినదే గనుక మీరే రెండు వేలు తగ్గించి 15,000 అడగండి. అలా అడిగితే మీ లెక్క నమ్మదగినదిగా కనిపిస్తుంది. బిగింపు కూలి 800. కిరాయి, ప్యాకింగ్ కలిపి 1,750 వాపసు. ఈ ఐదు నెలలు నెలకు 1,500 ఇచ్చి మిషన్ అద్దెకు తెచ్చుకుని ఉంటే 7,500, అయితే యజమాని చేత రసీదులు రాయించుకుంటేనే. మొత్తం 25,050. 'ఆదాయం పోయింది 50,000' లాంటి అంకె రుజువు లేకుండా వేయకండి. నోటీసులో ఈ పద్దులన్నీ విడివిడిగా చూపి, 15 రోజుల్లో చెల్లించాలని రాయండి.

మీరు తెలుసుకోవాల్సిన అడ్డంకి ఒకటుంది. పై చట్టం కింద 2011లో చేసిన నియమాల ప్రకారం, ఎక్కువ రిస్కు రేటు, అంటే కంపెనీ ఎక్కువ బాధ్యత తీసుకునేందుకు అడిగే అదనపు కిరాయి, కట్టకపోతే సరుకు నష్టానికి కంపెనీ బాధ్యత కిరాయికి పది రెట్ల వరకే. అదీ రసీదులో రాసిన విలువ దాటకూడదు. మీ కిరాయి 1,400 కాబట్టి 14,000. కంపెనీ లాయరు చివరకు ఈ అంకె దగ్గర నిలబడతాడు. అంటే వాళ్లు చెప్పే 2,000కు ఈ నియమంలోనే చోటు లేదు. అయితే ఎక్కువ రిస్కు రేటు ఉందంటే దాన్ని ఆఫీసులో ఇంగ్లీషులో, స్థానిక భాషలో బోర్డు పెట్టి చూపాలి. విలువ 24,000 అని రాసుకుని కూడా ఆ సంగతి మీకు చెప్పలేదని నోటీసులోనే రాయండి. మిగతా డబ్బుకు మీ వాదన అదే.

రసీదు వెనక చిన్న అక్షరాల నిబంధన గురించి కంపెనీలు 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పును ముందుకు తెస్తాయి. భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో, పత్రం మీద సంతకం చేసిన వాళ్లకు అందులోని బాధ్యత పరిమితి వర్తిస్తుందని కోర్టు చెప్పింది. కాబట్టి మీ సంతకం ఉన్న కాపీ ఉందా, ఆ నిబంధన దాని మీదే ఉందా అన్నది కీలకం. మీ దగ్గరున్న కాపీని చూడండి. మీరు సంతకం చేసిన కాగితం ఏదైనా ఉంటే చూపమని నోటీసులోనే అడగండి.

జవాబు రాకపోతే అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. కేసు హైదరాబాద్‌లోనే వేయాలని రసీదులో ఉన్నా, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోటే వేయవచ్చు. ఈ మొత్తానికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. మిషన్ వ్యాపార వస్తువని వాళ్లు అంటారు. అందుకని నేనే స్వయంగా కుట్టి బతుకుతున్నానని ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయండి. స్వయం ఉపాధి కోసం వాడుకునేవారు వినియోగదారులే. మానసిక క్షోభకు, ఖర్చులకు విడిగా అడిగే వీలు అక్కడ ఉంది.

ఈలోగా 2,000 మీ ఖాతాలో వేస్తామని, 'పూర్తి పరిష్కారం' అని రాసి సంతకం పెట్టమంటే పెట్టకండి. నోటీసు అందాక 20,000 దగ్గరకు వస్తే నేనైతే తీసుకోమంటాను. 14,000 దగ్గరే ఆగితే, అద్దె రసీదులు మీ చేతిలో ఉన్నప్పుడు కమిషన్‌కు వెళ్లడమే మేలు.