కౌంటర్ ఆఫర్ వచ్చింది, రిక్రూటర్‌కు ఎలా చెప్పాలి?

ప్రశ్న: విజయవాడలో పనిచేస్తున్నాను. హైదరాబాద్ కంపెనీ ఆఫర్‌కు ఒప్పుకుని ఇక్కడ రాజీనామా ఇచ్చాను. ఇప్పుడు మా మేనేజర్ జీతం పెంచుతాం, ఉండిపొమ్మంటున్నారు. మనసు ఊగుతోంది. ఆఫర్ ఇప్పించిన రిక్రూటర్‌కు ఈ సంగతి ఇప్పుడే చెప్పాలా? ఎలా చెప్పాలి?

జవాబు:

ఇప్పుడే చెప్పండి, ఇంకా తేల్చుకోకముందే. కాకపోతే అంతకంటే ముందు మీ మేనేజర్ చెప్పిన మాటను కాగితం మీద అడగండి.

నేను గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి సంస్థలో పత్రాల పని చూస్తాను. షిప్పింగ్ బిల్లులు, ఫైటోశానిటరీ సర్టిఫికెట్లు, బ్యాంకు కాగితాలు, అన్నీ నా బల్ల మీదుగానే పోతాయి. అప్పట్లో జీతం నెలకు 42 వేలు. హైదరాబాద్ సంస్థ ఒకటి 58 వేలు ఇస్తానంది, సంతకం పెట్టి పంపాను. రాజీనామా చూడగానే మా యజమాని పిలిచి 52 వేలు చేస్తానన్నారు. లెటర్ అడిగితే అసలు సంగతి తెలిసింది: నెలనెలా చేతికి వచ్చేది 48 వేలే. తక్కినది ఏడాది చివర బోనస్, మధ్యలో మానేస్తే అదీ రాదు. నోటిమాటను పట్టుకుని రిక్రూటర్‌కు ఫోన్ చేసి ఉంటే లేని అంకె గురించి మాట్లాడేవాణ్ణి.

లెటర్ వచ్చిన సాయంత్రమే ఆ ఆఫర్ ఇప్పించిన విజయవాడ కన్సల్టెన్సీలోని రిక్రూటర్‌కు ఫోన్ చేశాను. మెయిల్ తర్వాత పంపవచ్చు, మొదటి మాట మాత్రం ఫోన్లోనే బాగుంటుంది. నేను చెప్పింది దాదాపు ఇదే: "మేడం, మా సంస్థవాళ్లు జీతం పెంచి ఉండమంటున్నారు. నేను ఆలోచనలో పడ్డాను, ఇంకా ఏదీ తేల్చుకోలేదు. గురువారం సాయంత్రంలోగా అవుననో కాదనో చెబుతాను. ఈలోగా మీరు కంపెనీకి చెప్పదలిస్తే చెప్పండి, నాకు అభ్యంతరం లేదు."

ఇందులో చివరి వాక్యమే ఆమెకు పనికొచ్చేది. సాధారణంగా కన్సల్టెన్సీకి డబ్బు ముట్టేది అభ్యర్థి చేరాకే. ఇంటర్వ్యూలో రెండో స్థానంలో నిలిచిన మనిషికి ఉద్యోగం భర్తీ అయిపోయిందని అప్పటికే చెప్పేసి ఉంటారు. కొద్ది రోజుల్లో అడిగితే ఆ మనిషి ఇంకా దొరకవచ్చు, నెల దాటాక అడిగితే ఎక్కడో చేరిపోయి ఉంటాడు. చేరాల్సిన రోజు ఉదయం ఫోన్ ఆపేసేవాళ్ల మీద రిక్రూటర్లకు అంత కోపం ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది. నాన్నగారికి ఒంట్లో బాగాలేదనే సాకు కూడా వద్దు. అలాంటివి వాళ్లు రోజూ వింటుంటారు.

ఆమె వెంటనే అడిగింది: "ఎంత ఇస్తామన్నారు?" నేను చెప్పలేదు. "అంకె చెబితే బేరం అవుతుంది మేడం, పెంచమని అడగడానికి ఫోన్ చేయలేదు" అన్నాను. నిజంగా పెంచమనే మీ ఉద్దేశమైతే దాచకుండా అదే అడగండి, తప్పేమీ లేదు. ఆలోచిస్తున్నానని చెప్పి లోపల బేరం నడిపితేనే అవతలివాళ్లు నొచ్చుకుంటారు.

ఇలా ఉండిపోయినవాళ్లు కొన్ని నెలలకే మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటారని కూడా ఆమె అంది. ఆ మాట చెప్పడం ఆమె వృత్తిలో భాగం, దాన్ని అలాగే తీసుకున్నాను. అయితే అసలు ఎందుకు బయటికి చూశారని ఆమె అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. నా కారణం జీతం కాదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకు సరుకు పోటెత్తే రోజుల్లో రాత్రి పది దాకా ఒక్కడినే కూర్చోవడం. ఆరు వేలు పెరిగితే ఆ పది గంటలు ఎనిమిది కావు కదా. మర్నాడు యజమానిని సహాయకుడిని ఇవ్వమని అడిగాను. ఆయన కాస్త గొణిగి, చివరికి లెటర్లో ఆ మాట కూడా చేర్చారు. అప్పుడే ఉండాలనిపించింది.

ఇక్కడ వరస తప్పకూడదు. రాజీనామాను ఒకసారి ఆమోదించాక సాధారణంగా మనంతట మనం వెనక్కి తీసుకోలేం, సంస్థ ఒప్పుకోవాలి. కాబట్టి ఉపసంహరణకు అంగీకరిస్తున్నామని రాతపూర్వకంగా చేతికి వచ్చాకే అక్కడ కాదనండి. లేకపోతే రెండు ఉద్యోగాలూ చేజారే ప్రమాదం ఉంది.

గురువారం మధ్యాహ్నమే ఫోన్ చేసి చేరడం లేదని చెప్పాను. ఆమె గొంతు చల్లబడింది, అది సహజమే. "ముందే చెప్పారు కాబట్టి రెండో ఆయనతో మాట్లాడి ఉంచాను" అని పెట్టేసింది. వెంటనే మెయిల్ పంపాను: ఆఫర్‌కు కృతజ్ఞతలు, ఫలానా తేదీన చేరడం లేదు, ప్రస్తుత సంస్థలో పని పరిస్థితి మారినందువల్ల ఈ నిర్ణయం, మీకు కలిగిన ఇబ్బందికి మన్నించండి. అంతకుమించి వివరణ అక్కర్లేదు. ఆ కంపెనీ తలుపు నాకు కొంతకాలం మూసుకున్నట్టే అనుకున్నాను, మీరూ అలాగే లెక్కవేసుకోండి.

మీకు జాయినింగ్ బోనస్ గానీ, ఇల్లు మారే ఖర్చు గానీ ముందే ఇచ్చి ఉంటే, ఏ ఖాతాకు తిరిగి పంపాలో ఆ మెయిల్లోనే అడగండి.